పడినప్పుడు వాచీ పిలవాలంటే: యాపిల్ వాచ్‌లో ఫాల్ డిటెక్షన్, ఎస్ఓఎస్ అమర్చుకునే పద్ధతి

అమ్మానాన్నల చేతికి స్మార్ట్ వాచీ కట్టేసి, ఇక పడితే అదే చూసుకుంటుందని నిశ్చింతగా ఉండే పిల్లలు చాలామందే. కానీ వాచీ అన్ని రకాల పడిపోవడాలనూ గుర్తించదు. గుర్తించిన ప్రతిసారీ ఫోన్ కూడా చేయదు. ఏం జరిగితే పిలుస్తుంది, ఏం జరిగితే ఊరుకుంటుంది అన్నది తెలిస్తే తప్ప సెట్టింగులు ఎలా ఉంచాలో తేల్చుకోలేం. అందుకే ముందు అది పనిచేసే తీరు చూసి, తర్వాత అమరికలోకి వెళ్దాం.

ఉదాహరణకి ఒక ఇల్లు అనుకుందాం. తెనాలిలో రెండో అంతస్తులో 68 ఏళ్ల అమ్మ ఒక్కరే ఉంటారు. కూతురు హైదరాబాద్‌లో, కొడుకు డల్లాస్‌లో. కింది పోర్షన్‌లో ఎన్నాళ్లుగానో తెలిసిన పొరుగువాళ్లు. అమ్మ దగ్గర ఐఫోన్, చేతికి యాపిల్ వాచ్ ఎస్ఈ ఉన్నాయి. ఫాల్ డిటెక్షన్ 2018లో సిరీస్ 4తో వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన సిరీస్ మోడళ్లలో, ఎస్ఈ, అల్ట్రాలలో ఉంది. యాపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో జతకాదు. అమ్మది ఆండ్రాయిడ్ అయితే శాంసంగ్ గెలాక్సీ వాచ్ లాంటివి చూసుకోవాలి. వాటిలో ఇదే సదుపాయం Hard fall detection అన్న పేరుతో కనిపిస్తుంది. మెనూలు వేరైనా, కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

## వాచీ దేన్ని పడటం అనుకుంటుంది

వాచీలో రెండు సెన్సర్లు ఈ పని చూస్తాయి. యాక్సిలరోమీటర్ కుదుపు ఎంత గట్టిగా తగిలిందో కొలుస్తుంది. జైరోస్కోప్ మణికట్టు ఎటు తిరిగిందో చెబుతుంది. సిరీస్ 4లో పెట్టిన యాక్సిలరోమీటర్ 32 జీ దాకా, అంటే భూమ్యాకర్షణకి 32 రెట్ల త్వరణం దాకా కొలవగలదు. గట్టి నేల మీద పడినప్పుడు వచ్చే కుదుపు క్షణంలో వచ్చి పోతుంది కాబట్టి అంత పరిధి కావాలి.

కుదుపు ఒక్కటే ఉంటే సరిపోదు, దానికి ముందు చెయ్యి కదిలిన దారి కూడా పడటంలాగే కనిపించాలి. కాలు తట్టుకుని ముందుకు పడే మనిషి చేతులు ఆనుకోవడానికి ముందుకు చాస్తాడు. జారిపడే మనిషి చేతులు తెలియకుండానే పైకి లేస్తాయి. ఈ కదలిక, ఆ వెంటనే నేలకి తగిలిన దెబ్బ కలిస్తేనే వాచీ దాన్ని గట్టి పతనంగా లెక్కవేస్తుంది.

దీని లోటు కూడా ఇందులోనే ఉంది. కళ్లు తిరిగి గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయినా, కుర్చీలో కూర్చున్నవాళ్లు అలాగే ఒరిగిపోయినా, మంచం అంచు నుంచి దుప్పటితో సహా నేలకి జారినా పెద్ద కుదుపు ఉండదు. చక్కెర పడిపోయో బీపీ తగ్గిపోయో సొమ్మసిల్లే పెద్దవాళ్ల విషయంలో ఇలాంటి మెత్తటి పడటాలే ఎక్కువ ఆందోళన కలిగించేవి. వాటిని వాచీ పట్టుకుంటుందని నమ్మకూడదు. అలాంటి ఆరోగ్య సమస్య ఉన్న ఇంట్లో పొద్దునా సాయంత్రం ఒక ఫోన్ కాల్ పెట్టుకోవడం వాచీ ఉన్నా మానకూడదు.

## పడ్డాక మొదటి నిమిషంన్నర

అమ్మ వంటింట్లో తడి నేల మీద జారి గట్టిగా పడ్డారనుకుందాం. వాచీ మణికట్టు మీద తడుతుంది, శబ్దం చేస్తుంది, పడినట్టున్నారని తెర మీద చూపిస్తుంది. అక్కడ ఎమర్జెన్సీ కాల్ స్లయిడర్‌తో పాటు, బాగానే ఉన్నానని చెప్పే బటన్ కూడా ఉంటుంది. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

అమ్మ స్పృహలో లేక కదలకుండా ఉంటే, సుమారు ఒక నిమిషం చూశాక వాచీ 30 సెకన్ల కౌంట్‌డౌన్ మొదలుపెడుతుంది. ఆ 30 సెకన్లూ మణికట్టు మీద తడుతూ, శబ్దం పెంచుకుంటూ పోతుంది. పక్క గదిలో ఎవరైనా ఉంటే వినపడటానికే ఆ పెంపు. అప్పటికీ ఎవరూ ఆపకపోతే ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేస్తుంది. అంటే పడిన క్షణం నుంచి కాల్ మొదలవడానికి సుమారు ఒకటిన్నర నిమిషం.

అమ్మ కదులుతూ ఉంటే మాత్రం వాచీ తనంతట తాను ఫోన్ చేయదు. జవాబు కోసం ఎదురుచూస్తుంది. అసలు ఇబ్బంది ఇక్కడే. తుంటి ఎముక విరిగిన మనిషి లేవలేకపోవచ్చు కానీ చెయ్యి కదుపుతూనే ఉంటుంది. నొప్పితో మూలుగుతూ, లేవడానికి ప్రయత్నిస్తూ ఉంటుంది. వాచీ దృష్టిలో ఆమె కదులుతున్న మనిషి. కాబట్టి అమ్మకి నేర్పాల్సిన మొదటి విషయం ఇది: పడి లేవలేకపోతే వాచీ దానంతట అదే చేస్తుందని చూడకుండా, తెర మీది ఎమర్జెన్సీ స్లయిడర్‌ని తనే లాగాలి. లేదా సైడ్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఈ ఒక్క మాట చెప్పకుండా వాచీ కట్టిన ఇళ్లలో, పడినా అది పలకలేదన్న ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడే అనుమానించాలి.

కాల్ కలిశాక వాచీ ఒక రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. మనిషి గట్టిగా పడినట్టు గుర్తించానని, ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ఇవీ అని చెబుతుంది. మొదటిసారి పూర్తి శబ్దంతో, ఆ తర్వాత తగ్గించి మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మాట్లాడగలిగితే Stop Recorded Message నొక్కి వెంటనే మాట్లాడాలి. అక్షాంశ రేఖాంశాల్లో వీధి ఉంటుందేమో గానీ అంతస్తు, ఫ్లాట్ నంబర్ ఉండవు. “తెనాలి, ఫలానా వీధి, గుడి పక్క సందు, రెండో అంతస్తు, పడిపోయాను” అని మనిషి గొంతుతో చెప్పే ముక్క ఆ అంకెలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

## ఆన్ చేసే క్రమం

అమ్మ ఐఫోన్‌లో Watch యాప్ తెరిచి, My Watch లో Emergency SOS లోకి వెళ్లండి. Fall Detection ఆన్ చేసి, కింద Always on ఎంచుకోండి. రెండోది Only on during workouts. అది వ్యాయామం నమోదు చేస్తున్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఆటలాడే కుర్రవాళ్లకి సరిపోతుంది గానీ ఇంట్లో తిరిగే పెద్దవాళ్లకి పనికిరాదు. వాచీలోనే చేయాలంటే Settings, తర్వాత SOS, అక్కడ Fall Detection.

ఇక్కడే పుట్టిన తేదీ సరిచూడాలి. Health యాప్‌లో వయసు 55 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఈ సదుపాయం తనంతట తానే ఆన్ అవుతుంది. అంతకన్నా తక్కువైతే Always on ని చేత్తో ఎంచుకోవాలి. 18 లోపు వాళ్లకి అసలు దొరకదు. సెలవులకి వచ్చిన కొడుకు హడావిడిగా సెటప్ చేస్తూ తన పుట్టిన తేదీ వేసేస్తే, అమ్మ వాచీ ఆమెను 35 ఏళ్ల మనిషిగా లెక్కవేసి ఊరుకుంటుంది. Health యాప్‌లో పైన ఉన్న ప్రొఫైల్ బొమ్మ నొక్కితే తేదీ కనిపిస్తుంది, మార్చవచ్చు కూడా.

రెండో తాళం Wrist Detection. Watch యాప్‌లో Passcode లోపల ఉంటుంది. వాచీ చేతికి ఉందో లేదో తెలుసుకునే సదుపాయం ఇది. ఇది ఆఫ్‌లో ఉంటే, పడినట్టు గుర్తించినా వాచీ తనంతట తాను ఎమర్జెన్సీకి ఫోన్ చేయదు. ప్రతిసారీ పాస్‌కోడ్ కొట్టడం విసుగనిపించి పెద్దవాళ్లు ఎవరితోనైనా ఆ పేజీలో ఆఫ్ చేయించేస్తుంటారు. విసుగు తీరడానికి అదే పేజీలో Unlock with iPhone ఆన్ చేయండి. ఫోన్ తెరిస్తే చేతికున్న వాచీ కూడా తెరుచుకుంటుంది. Wrist Detection ని కదపనక్కర్లేదు.

పట్టీ వదులుగా ఉంటే వెనక సెన్సర్ చర్మానికి తగలదు, వాచీ చేతి నుంచి తీసేశారనుకుంటుంది. మణికట్టు ఎముకకి కాస్త పైన, వేలు దూర్చితే బిగువుగా ఉండేలా కట్టాలి.

ఇక మూడోది, పిలవడానికి దారి. జీపీఎస్ మోడల్ అయితే ఐఫోన్ దగ్గరలో ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయి బీరువా మీద పడుంటే వాచీ ఎంత గట్టిగా గుర్తించినా పిలవలేదు. సెల్యులార్ మోడల్‌కి ప్లాన్ ఉంటే ఫోన్ లేకుండానే పిలవగలదు. ఒంటరిగా ఉండేవాళ్లకి కొత్తగా కొంటుంటే సెల్యులార్‌కే డబ్బు పెట్టడం మేలు. సాయంత్రం గుడికి, పాల ప్యాకెట్‌కి వెళ్లేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలేసే అలవాటు ఉంటే మరీను.

## కాంటాక్టులు: పేర్లు పెట్టేముందు దూరం చూడాలి

ఎమర్జెన్సీ కాంటాక్టులు Health యాప్‌లో ఉంటాయి. ప్రొఫైల్ బొమ్మ, Medical ID, Edit, తర్వాత add emergency contact. పేరు ఎంచుకుని బంధుత్వం పెట్టి Done నొక్కాలి. అక్కడే మందుల అలర్జీ, వాడే మందులు, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు ఉంటే అవి రాసి, Show When Locked ఆన్ చేయాలి. ఫోన్ తాళం తీయకుండానే ఎవరైనా ఆ వివరాలు చూడగలుగుతారు. 112, 108 లాంటి సేవల నంబర్లను కాంటాక్టుగా పెట్టనక్కర్లేదు, అది పెట్టనివ్వదు కూడా.

ఎమర్జెన్సీ కాల్ ముగిశాక ఈ కాంటాక్టులకి అమ్మ ఉన్న చోటుతో మెసేజ్ వెళ్తుంది. లొకేషన్ ఆఫ్‌లో ఉన్నా అప్పటికి ఆన్ చేసుకుంటుంది. మనిషి చోటు మారితే, అంబులెన్స్‌లో ఆసుపత్రికి వెళ్తున్నా సరే, కొంతసేపటి వరకు కొత్త చోటు పంపుతుంది. గమనించండి: మెసేజ్ వెళ్లేది కాల్ తర్వాత. కాంటాక్టులకి వాచీ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడదు.

పిల్లల పేర్లు మాత్రమే పెడితే వచ్చే చిక్కు తెనాలి ఇంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. డల్లాస్ కొడుక్కి మెసేజ్ అందినా, అక్కడి నుంచి 108 గానీ 112 గానీ నొక్కితే మన దగ్గరికి రాదు. అవి దేశంలోపల పనిచేసే పొట్టి నంబర్లు. అతను చేయగలిగింది తెనాలిలో ఎవరికో ఫోన్ చేయడమే. అతనిది ఐఫోన్ కాకపోతే ఇక్కడి నుంచి వెళ్లే విదేశీ ఎస్ఎంఎస్‌కి అమ్మ సిమ్‌లో బ్యాలెన్సు లేక అది చేరకపోవచ్చు కూడా. హైదరాబాద్ కూతురు 108కి చేయగలదు కానీ, ఆమె ఉన్నది తెలంగాణలో, అంబులెన్స్ కావాల్సింది ఆంధ్రప్రదేశ్‌లో. అక్కడి వాళ్లకి ఊరు, జిల్లా చెప్పి కాల్ అటు మళ్లేలా చూసుకోవాలి. ఎలా చూసినా ముందు తలుపు తట్టగలిగింది కింది పోర్షన్ వాళ్లు.

కాబట్టి ఈ ఇంటికి మూడు పేర్లు పెట్టాలి. మొదట కింది పొరుగువారు, తర్వాత కూతురు, ఆ తర్వాత కొడుకు. అతని పేరు తీసేయకూడదు. ఇక్కడ అర్ధరాత్రి రెండింటికి అందరూ నిద్రలో ఉన్నప్పుడు అక్కడ మధ్యాహ్నం, మెసేజ్ ముందు చూసేది అతనే కావచ్చు. పొరుగువారిని అడక్కుండా పేరు పెట్టొద్దు. ఎవరో తెలియని అలర్ట్ అనుకుని తుడిచేస్తారు. “పిన్నిగారూ, అమ్మ వాచీ నుంచి ఎస్ఓఎస్ అని మెసేజ్ వస్తే ఒకసారి పైకెళ్లి తలుపు కొట్టండి, తీయకపోతే 108కి చేయండి” అని ముందే చెప్పి, వచ్చే మెసేజ్ ఎలా ఉంటుందో వివరించాలి.

ఎవరేం చేయాలో కూడా పంచుకోవాలి. అందరూ ఒకేసారి అమ్మకే ఫోన్ చేస్తే ఆమె లైన్ బిజీ అవుతుంది, 112 వాళ్లు తిరిగి చేసినా కలవదు. అమ్మకి కూతురు ఒక్కరే చేయాలి. పొరుగువారు తలుపు దగ్గరికి వెళ్లాలి. కొడుకు పొరుగువారితోనే మాట్లాడాలి. మనిషి చేరినా తలుపు తెరుచుకోకపోతే ఇదంతా వృథా. రాత్రిపూట లోపల గడియ వేసుకునే ఇంటికి బయట తాళంచెవి ఇచ్చినా లాభం లేదు. గడియ బదులు, లోపలి నుంచీ బయటి నుంచీ తెరవగల నైట్ లాచ్ పెట్టించి, ఒక చెవి కిందివాళ్లకి ఇవ్వాలి.

పిల్లల ఐఫోన్ రాత్రిళ్లు సైలెంట్‌లో ఉంటుంది కదా. వాళ్ల ఫోన్‌లో అమ్మ కాంటాక్ట్ తెరిచి Edit లో Ringtone, Text Tone రెండింటిలోనూ Emergency Bypass ఆన్ చేస్తే ఆమె కాల్, మెసేజ్ సైలెంట్‌ని దాటి మోగుతాయి.

## సైడ్ బటన్‌తో చేత్తో పిలవడం

ఫాల్ డిటెక్షన్ పట్టుకోని సందర్భాలన్నిటికీ ఇదే దిక్కు. గుండెల్లో నొప్పి, ఇంట్లోకి ఎవరో చొరబడటం, మెల్లగా జారిపడటం అన్నీ ఇందులోకే వస్తాయి. సైడ్ బటన్ అంటే గుండ్రంగా తిరిగే డిజిటల్ క్రౌన్ కాదు, దాని పక్కన పొడుగ్గా, చదునుగా ఉండేది. దాన్ని నొక్కి పట్టుకుంటే స్లయిడర్లు వస్తాయి. వదలకుండా పట్టుకునే ఉంటే కౌంట్‌డౌన్, హెచ్చరిక శబ్దం మొదలై, అది ముగియగానే కాల్ వెళ్తుంది. ముగిసేలోపు బటన్ వదిలేస్తే ఆగిపోతుంది.

నొక్కి పట్టుకుంటే చాలు అన్న ఈ పద్ధతిని Watch యాప్‌లో Emergency SOS కింద Hold Side Button to Dial అనే స్విచ్ నడుపుతుంది. ఆఫ్ చేస్తే స్లయిడర్ లాగితేనే కాల్. వణికే చేతులు, తడి వేళ్లు ఉన్నవాళ్లకి చిన్న తెర మీద స్లయిడర్ లాగడం కష్టం. కాబట్టి పెద్దవాళ్లకి ఆన్‌లోనే ఉంచండి. వ్యాయామం చేసే కుర్రవాళ్లకి ఆఫ్ చేసినా నష్టం లేదు.

అమ్మ కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తే వాచీ అక్కడి 911కే పిలుస్తుంది, నంబర్ మార్చనక్కర్లేదు. కాంటాక్టుల వరస మాత్రం అక్కడున్నన్నాళ్లూ మార్చాలి. తెనాలి పొరుగువారికి డల్లాస్ లొకేషన్ పంపి లాభమేముంది!

## తప్పుడు అలారాలు ఎక్కడి నుంచి వస్తాయి

రెండు రకాలు. ఒకటి పడకుండానే పడినట్టు అనుకోవడం, రెండోది పొరపాటున బటన్ నొక్కుకుపోవడం. మందు రెండింటికీ వేరు.

మొదటిది చేతికి ఒక్కసారిగా దెబ్బ తగిలే పనుల్లో వస్తుంది. కొబ్బరికాయ నేలకేసి కొట్టడం, బండ మీద బట్టలు బాది ఉతకడం, డప్పు కొట్టడం, క్రికెట్‌లో బంతి కోసం దూకడం, కబడ్డీ ఇలాంటివే. భయపడాల్సిన పని లేదు. ఆ పని తర్వాత మనిషి కదులుతూనే ఉంటాడు కాబట్టి వాచీ అడిగి ఊరుకుంటుంది. బాగానే ఉన్నానని నొక్కితే సరి. అసలు కాల్ దాకా వెళ్లే ప్రమాదం దెబ్బ తర్వాత కదలకుండా ఉన్నప్పుడే. అలసిపోయి మంచం మీద ధడాలున పడి అలాగే పడుకుండిపోవడం దానికి మంచి ఉదాహరణ. మణికట్టు మీద తట్టినట్టు అనిపిస్తే చూడటం అలవాటు చేయించాలి. వినికిడి తగ్గినవాళ్లకి శబ్దం కన్నా ఆ తట్టు మీదే ఆధారం. Watch యాప్‌లో Sounds & Haptics లోకి వెళ్లి దాన్ని Prominent చేయండి.

ఇలాంటి పనికి దిగేముందు వాచీని రెండో చేతికి మార్చడం, లేదా ఆ కాసేపు తీసి పక్కన పెట్టడం మంచిది. ఒకటి రెండు తప్పుడు అలారాలు వచ్చాయని ఫాల్ డిటెక్షన్ మొత్తం ఆఫ్ చేయడం మాత్రం వద్దు. ఆఫ్ చేసింది మళ్లీ ఆన్ చేయాలని ఎవరికీ గుర్తుండదు.

రెండో రకం మన ఇళ్లలో ఎక్కువగా గాజుల వల్ల వస్తుంది. వాచీకి పక్కనే ఉన్న గట్టి గాజు చెయ్యి వంచినప్పుడు సైడ్ బటన్ మీద ఒత్తుతుంది. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నా, బరువైన సంచీ మోచేతికి తగిలించుకున్నా అంతే. వాచీని గాజులు లేని చేతికి మార్చడం తేలిక. అది కుదరకపోతే Watch యాప్‌లో General, Watch Orientation లోకి వెళ్లి, క్రౌన్ మోచేతి వైపు ఉండేలా వాచీని తిప్పి కట్టండి. తెర కూడా దానికి తగ్గట్టు తిరుగుతుంది.

పొరపాటున కాల్ కలిసిపోతే కంగారుపడి కట్ చేయకూడదు. జవాబిచ్చేదాకా ఆగి, “పొరపాటున వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు” అని చెప్పి పెట్టాలి. కట్ చేస్తే నిజంగానే ఆపద అనుకుని వాళ్లు తిరిగి ఫోన్ చేస్తారు, లేదా మనిషిని పంపుతారు. కాల్ అయ్యాక కాంటాక్టులకి మెసేజ్ పంపకుండా ఆపే అవకాశం తెర మీద కనిపిస్తుంది. అది తప్పిపోతే వెంటనే కూతురికి ఒక ఫోన్.

## స్నానం, రాత్రి, చార్జింగ్

పెద్దవాళ్లు ఎక్కువగా జారేది బాత్రూమ్‌లో, రాత్రి నిద్రలో లేచినప్పుడు. సరిగ్గా ఆ రెండు వేళల్లోనే వాచీ చేతికి ఉండదు: ఒకటి తడుస్తుందని, రెండోది చార్జింగ్‌కి. రెండూ మార్చుకోవచ్చు. ఈ వాచీలు 50 మీటర్ల నీటి నిరోధకతతో వస్తాయి కాబట్టి స్నానానికి తీయనక్కర్లేదు. సబ్బు, షాంపూ మాత్రం ఎక్కువ తగలకూడదు. స్నానం అయ్యాక మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు. తోలు పట్టీ అయితే ముందు రబ్బరు పట్టీ మార్చండి.

చార్జింగ్‌ని పగటికి తేవాలి. ఎస్ఈ లాంటి మోడళ్లలో బ్యాటరీ సుమారు 18 గంటలు వస్తుంది. అమ్మ కుర్చీలో కూర్చుని కదలని వేళలు వెతకండి, ఉదయం కాఫీ, పేపర్ దగ్గర ఒకసారి, సాయంత్రం సీరియల్ చూస్తూ ఒకసారి. చార్జర్‌ని పడక పక్కన కాకుండా ఆ కుర్చీ పక్కనే పెట్టండి. కరెంటు పోయి చార్జింగ్ తగ్గితే Low Power Mode పెట్టవచ్చు, అందులోనూ ఫాల్ డిటెక్షన్ పనిచేస్తుంది.

## పడకుండా పరీక్షించడం

ఫాల్ డిటెక్షన్‌ని పరీక్షించడానికి ఎవరూ పడొద్దు. పరుపు మీద పడితే కుదుపు చాలక అది మోగకపోవచ్చు, దాన్ని బట్టి ఏమీ తేలదు. చూడాల్సినవి మిగతావి. Hold Side Button to Dial ని కాసేపు ఆఫ్ చేసి, అమ్మ చేతే సైడ్ బటన్ నొక్కించండి. స్లయిడర్లు వస్తాయి, కాల్ మాత్రం పోదు. ఎమర్జెన్సీ స్లయిడర్ ఎక్కడుందో చూపించండి. అక్కడే Medical ID ని లాగితే కాంటాక్టులు, మందుల వివరాలు కనిపించాలి. కనిపించకపోతే ఫోన్‌లో Done నొక్కడం మరిచిపోయారన్నమాట. చూశాక స్విచ్ మళ్లీ ఆన్ చేయండి, ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది.

తర్వాత అమ్మ ఫోన్ హాల్లో ఉంచి, వాచీతో బాత్రూమ్ లోపలికి వెళ్లి తలుపేసుకుని కూతురికి మామూలు కాల్ చేయించండి. అక్కడి నుంచి కలిస్తే ఎమర్జెన్సీ కాల్‌కి కూడా దారి ఉన్నట్టే. తెగితే ఫోన్‌ని బాత్రూమ్‌కి దగ్గరగా ఉన్న గదిలో ఉంచే ఏర్పాటు చేయాలి.

ఐఫోన్ మార్చినప్పుడు, వాచీని కొత్తగా జత చేసినప్పుడు, పొరుగువారు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పుట్టిన తేదీ, Always on, Wrist Detection, కాంటాక్టుల వరస నాలుగూ మళ్లీ తెరిచి చూడండి. Health యాప్‌లో Number of Falls కూడా అప్పుడే చూడవచ్చు. పడలేదని జవాబివ్వని ప్రతి పతనమూ అందులో నమోదవుతుంది. అమ్మ చెప్పని అంకె ఏదైనా అక్కడ కనిపిస్తే తేదీ, వేళ రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.